గడువు తేదీని దేనికి కట్టాలి: బయటివారికి ప్రాజెక్టు ఫోల్డర్లు తెరిచే మార్గాల పోలిక

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇరవై రెండు మంది పనిచేసే ఒక ఇంటీరియర్ డిజైన్ కార్యాలయంలో ప్రాజెక్టు ఫైళ్ల నిర్వహణ నా బాధ్యత. ఏ ఆఫీసు ఇంటీరియర్ పనైనా మా ఇరవై రెండు మందితోనే పూర్తి కాదు. డ్రాయింగులు గీయడానికి విజయవాడ నుంచి పనిచేసే ఫ్రీలాన్స్ డ్రాఫ్ట్స్‌మన్ ఒకరు, ఏసీ డక్టుల పని చేసే కాంట్రాక్టరు ఒకరు, చివరి బిల్లుల సమయంలో కొలతలు సరిచూసే క్లయింటు తరఫు ఆడిటరు ఒకరు, ఇలా ప్రతి ప్రాజెక్టులోనూ కనీసం ముగ్గురు బయటివారు మా ఫోల్డర్లలోకి రావలసి ఉంటుంది. ముగ్గురికీ కావలసిన ఫోల్డర్లు వేరు, ఉండవలసిన రోజులు వేరు, చేయవలసిన పని కూడా వేరు.

రెండేళ్ల క్రితం మారతహళ్లిలో చేసిన ఒక పనిలో ఏసీ కాంట్రాక్టరును మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోని మా ప్రాజెక్టు బృందంలోకి అతిథిగా చేర్చాను. ఏసీ పనికి విడిగా ఒక ఛానెల్ ఉంది కాబట్టి ఆయనకు ఆ ఛానెల్ ఫైళ్లే కనిపిస్తాయని అనుకున్నాను. నెల తర్వాత రేట్ల చర్చకు వచ్చినప్పుడు ఆయన ఎంతో మర్యాదగానే, "మేడమ్, నా కొటేషన్ మీ అంచనా దాటలేదు కదా, మీ షీటులో ఏసీ పనికి పదకొండు శాతం మార్జిన్ కూడా వేసుకున్నారు" అన్నారు. ఆయన దొంగతనంగా చూసింది ఏమీ లేదు, తలుపు తెరిచి పెట్టింది నేనే. టీమ్స్ ఫైళ్లు నిజానికి షేర్‌పాయింట్ అనే మైక్రోసాఫ్ట్ ఫైళ్ల నిల్వలో ఉంటాయి. సాధారణ ఛానెళ్లన్నీ అక్కడ ఒకే సైటులోని ఒకే డాక్యుమెంట్ లైబ్రరీలో పక్కపక్కన ఉండే ఫోల్డర్లు మాత్రమే, అందువల్ల బృందంలో సభ్యత్వం ఇచ్చిన క్షణంలోనే అవన్నీ ఆయనవి అయ్యాయి. ఇంకా బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, పని పూర్తయి తొమ్మిది నెలలు గడిచాక కూడా ఆయన పేరు ఆ బృందం సభ్యుల జాబితాలో అలాగే ఉంది.

ఆ తర్వాత మేము వాడే పద్ధతులన్నిటినీ మళ్లీ మొదటి నుంచి పరీక్షించి, ఏ బయటివారికి ఏ మార్గం సరిపోతుందో నిర్ణయించుకున్నాము. ఆ పోలికనే ఇక్కడ వివరిస్తున్నాను. మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ డ్రైవ్ అనే రెండింటి మీదే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మా స్థాయి కార్యాలయాలలో ఫోల్డర్లు సాధారణంగా ఈ రెండింటిలో ఒకదానిలోనే ఉంటాయి.

తేదీ ఎక్కడ తగిలించబడుతుంది

ఏ సాధనం ప్రకటన చూసినా "గడువుతో కూడిన అతిథి ప్రవేశం" అనే మాట కనిపిస్తుంది. అయితే ఆ గడువు దేనికి తగిలించబడిందన్నది ప్రతి సాధనంలోనూ వేరుగా ఉంటుంది. అది లింకుకు ఉండవచ్చు, ఒక ఫోల్డరు మీద ఒక మనిషికి ఇచ్చిన అనుమతికి ఉండవచ్చు, ఒక బృందంలోని సభ్యత్వానికి ఉండవచ్చు, లేదా ఆ మనిషి ఖాతాకే ఉండవచ్చు. ఈ నాలుగింటిలో ఒకదాని గడువు తీరినంత మాత్రాన మిగిలిన మూడూ మూతపడవు. లింకుకు గడువు తీరినా అదే ఫోల్డరు మీద నేరుగా ఇచ్చిన అనుమతి బతికే ఉంటుంది. అనుమతి తీరినా అదే మనిషి బృందంలో సభ్యుడై ఉంటే మరో దారిన అదే ఫోల్డరులోకి వస్తాడు. కాబట్టి ఒక బయటి మనిషికి లోపలికి వచ్చే దారి ఒక్కటే ఉండేటట్లు చూసి, ఆ ఒక్క దారికే తేదీ కట్టడం ఈ పని మొత్తానికి కీలకం. రెండు దారులు ఇచ్చి ఒకదానికి తేదీ పెట్టడం కంటే, తేదీ పెట్టే వీలు లేని ఒకే దారి ఇచ్చి క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. రెండో పద్ధతిలో తలుపు తెరిచే ఉందని మనకు తెలుస్తూనే ఉంటుంది.

ఫోల్డరు పరిమితి విషయంలోనూ ఇలాంటి భేదమే ఉంది. బయటివారిని పెద్ద స్థలంలోకి రానిచ్చి, చూడకూడని ఫోల్డర్లకు ఒక్కొక్కటిగా తాళం వేయడం ఒక పద్ధతి. పెద్ద స్థలంలోకి అసలు రానివ్వకుండా, చూడవలసిన ఒక్క ఫోల్డరును మాత్రమే వారికి ఇవ్వడం మరో పద్ధతి. మొదటి పద్ధతిలో, వచ్చే నెల ఎవరో కొత్తగా తయారుచేసే ఫోల్డరు తనంతట తానే బయటివారికి తెరుచుకుంటుంది. రెండో పద్ధతిలో కొత్త ఫోల్డరు తనంతట తానే మూసి ఉంటుంది. మొదటిది నిలవాలంటే కార్యాలయంలో అందరూ ప్రతిసారీ గుర్తుంచుకోవాలి, మా కార్యాలయంలో అది జరగలేదు.

మైక్రోసాఫ్ట్ 365: సైటుకు కట్టే గడువు

షేర్‌పాయింట్ అడ్మిన్ సెంటరులో `Policies` కింద `Sharing` పేజీలో అతిథుల ప్రవేశం ఇన్ని రోజుల తర్వాత దానంతట అదే ముగిసేటట్లు చేసే అమరిక ఉంది. దానిని ఆన్ చేసినప్పుడు అరవై రోజులు అని ముందే కనిపిస్తుంది, మనం మార్చుకోవచ్చు. మొత్తం సంస్థకు ఒక సంఖ్య పెట్టి, ఒక్కొక్క సైటుకు వేరే సంఖ్య కూడా ఇవ్వవచ్చు. ఆదేశాల రూపంలో ఇలా ఉంటుంది:

```
Set-SPOTenant -ExternalUserExpirationRequired $true -ExternalUserExpireInDays 60

Set-SPOSite -Identity <site-url> -OverrideTenantExternalUserExpirationPolicy $true -ExternalUserExpirationInDays 45
```

ఈ అమరికను ఎంచుకునే ముందు దాని హద్దులు తెలుసుకోవాలి. ఇక్కడ మనం పెట్టేది రోజుల సంఖ్య, మనిషికో తేదీ కాదు. ఒకే సైటులో ఒకరికి 45 రోజులు, మరొకరికి 90 రోజులు ఇచ్చే వీలు లేదు, అలా కావాలంటే రెండు సైట్లు కావాలి. అడిగే సంఖ్య 30కి తగ్గకూడదు, అందువల్ల పది రోజుల ఆడిటరుకు ఇది పనికిరాదు. ఈ అమరికను ఆన్ చేయకముందే లోపల ఉన్న పాత అతిథులకు అది వర్తించదు, వారి అనుమతులను తీసివేసి మళ్లీ ఆహ్వానించవలసి ఉంటుంది. గడువు తీరినప్పుడు ఆ సైటుకు ప్రవేశం పోతుంది గానీ, మన సంస్థ డైరెక్టరీలోని అతిథి ఖాతా అలాగే ఉండిపోతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచే హద్దు మరొకటి ఉంది. ఈ గడువు షేరింగ్ లింకు ద్వారా గానీ, సైటు మీద నేరుగా ఇచ్చిన అనుమతి ద్వారా గానీ వచ్చిన అతిథులకు ఉద్దేశించినది. టీమ్స్ బృందంలో సభ్యులుగా చేర్చిన అతిథులు బృందం సభ్యత్వం అనే వేరే దారిన వస్తారు. ఆ సభ్యత్వాన్ని ఈ అమరిక తీసివేయదు. మారతహళ్లి పనిలో నేను ఈ గడువును ముందే ఆన్ చేసి ఉన్నా మా కాంట్రాక్టరు పేరు తొమ్మిది నెలలు జాబితాలో ఉండేదే.

ఇక ఫోల్డరు పరిమితి సంగతి. ఆ సంఘటన జరిగిన వెంటనే నేను చేసిన మొదటి సవరణ కూడా తప్పే. రేట్ల ఫోల్డరుకు పై నుంచి వచ్చే అనుమతుల వారసత్వాన్ని తెంచాను, అంటే `Stop Inheriting Permissions` నొక్కాను, ఇక కాంట్రాక్టరుకు అది కనిపించదని సంతోషించాను. షేర్‌పాయింట్‌లో వారసత్వం తెంచినప్పుడు అప్పటివరకు ఉన్న అనుమతులన్నీ ఆ ఫోల్డరుకు నకలుగా వస్తాయి. పై మార్పులు ఇక కిందికి రావు, అంతే. బృంద సభ్యుల గుంపును ఆ నకలు జాబితాలోంచి విడిగా తొలగిస్తే తప్ప ఏమీ మారదు. అలా తొలగిస్తే మా సొంత డిజైనర్లు కూడా బయటపడతారు, అతిథులూ వారూ ఒకే గుంపులో ఉన్నారు కాబట్టి.

టీమ్స్‌లోనే ప్రైవేట్ ఛానెల్ పెడితే దానికి విడి సైటు వస్తుంది, కానీ అందులో చేర్చాలంటే ఆ మనిషి ముందు పెద్ద బృందంలో సభ్యుడై ఉండాలి, అప్పుడు సాధారణ ఛానెళ్లన్నీ మళ్లీ కనిపిస్తాయి. షేర్డ్ ఛానెల్‌లో ఆ చిక్కు లేదు, అయితే అవతలివారి సంస్థకు కూడా మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ ఉండి, రెండు పక్షాల అడ్మిన్లూ అమరికలు చేసుకోవాలి. జీమెయిల్ ఖాతాతో పనిచేసే డక్టుల కాంట్రాక్టరు దగ్గర అది కుదరదు.

ఇవన్నీ తూచాక మేము స్థిరపడిన పద్ధతి ఇది: ప్రాజెక్టు బృందంలోకి బయటివారు ఎవరూ రారు, టీమ్స్ బృందం లేని విడి షేర్‌పాయింట్ సైటు ఒకటి బయటివారి కోసమే ఉంటుంది, గడువు ఆ సైటుకు కట్టి ఉంటుంది, బయటికి ఇవ్వదగిన ఫైళ్లను మాత్రమే మేము అక్కడికి పంపుతాము.

గూగుల్ డ్రైవ్: మనిషికి కట్టే తేదీ

గూగుల్‌లో గడువు ఒక ఫైలు లేదా ఫోల్డరు మీద ఒక మనిషికి ఇచ్చిన అనుమతికి తగులుతుంది. షేర్ పెట్టెలో ఆ మనిషి పేరు పక్కన ఉన్న బాణం నొక్కితే `Add expiration` అనే అంశం వస్తుంది, అందులో నేరుగా తేదీ ఎంచుకోవచ్చు. ఈ తేదీ ఆ రోజు నుంచి ఏడాదికి మించకూడదు. పది రోజుల ఆడిటరుకు పది రోజులు, కాంట్రాక్టరుకు నలభై ఐదు రోజులు అని మనిషికొక తేదీ పెట్టగలగడం ఇందులోని పెద్ద సౌకర్యం, ఈ ఒక్క విషయంలో ఇది షేర్‌పాయింట్ కంటే స్పష్టంగా మెరుగు.

ఈ అంశం సంస్థలకు ఇచ్చే ఖాతాలలోనూ, అందులో కొన్ని ఎడిషన్లలోనూ మాత్రమే ఉంటుంది. పైగా అది కనిపించడం ఏ పాత్ర ఇచ్చాము, ఆ ఫోల్డరు ఎక్కడ ఉంది అన్న వాటి మీద కూడా ఆధారపడుతుంది. అందువల్ల ఎడిషన్ కొనేముందు, మీరు వాడబోయే అదే ఫోల్డరు మీద, ఇవ్వబోయే అదే పాత్రతో, ఒక పరీక్ష ఖాతాను చేర్చి ఆ అంశం వస్తుందో లేదో చూడండి. ధరల పట్టికలోని ఒక గుర్తు చూసి నిర్ణయించకండి. చూడడానికి మాత్రమే ఇచ్చిన అనుమతికి వచ్చే అంశం, మార్చడానికి ఇచ్చిన అనుమతికి రాకపోతే, కాంట్రాక్టరు తన షాప్ డ్రాయింగులు అప్‌లోడ్ చేసే ఫోల్డరుకు మీకు గడువు ఉండదు.

ఫోల్డరు పరిమితిలో గూగుల్ నియమం సరళమైనది. షేర్డ్ డ్రైవ్‌లో సభ్యుడిగా చేర్చితే ఆ మనిషికి డ్రైవ్ మొత్తం వస్తుంది. సభ్యుడిగా చేర్చకుండా లోపలి ఒక్క ఫోల్డరునే షేర్ చేస్తే ఆ ఫోల్డరు, దాని కిందివి మాత్రమే వస్తాయి. షేర్డ్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరును కొందరికే పరిమితం చేసే ఏర్పాటు కూడా వచ్చింది, కానీ బయటివారిని సభ్యులను చేసి, ఆ ఏర్పాటుతో రేట్ల ఫోల్డరును దాచడం మొదట చెప్పిన తాళాల పద్ధతే అవుతుంది. దానిని మా సొంత ఉద్యోగులలో ఎవరు జీతాల పట్టిక చూడవచ్చు అన్న ప్రశ్నకు వాడుకోవడం సమంజసం, బయటివారికి కాదు.

గూగుల్ ఖాతా లేని కాంట్రాక్టర్లకు ఈమెయిలుకు వచ్చే పిన్ ద్వారా ప్రవేశం ఇచ్చే సందర్శకుల షేరింగ్ కూడా ఉంది. ఒకసారి పిన్ సరిచూసుకుంటే ఏడు రోజులు ఉంటుంది, తర్వాత మళ్లీ పిన్ అడుగుతుంది. దీనిని గడువుగా పొరబడకూడదు. ఏడు రోజుల తర్వాత అడిగేది ఈ మెయిలు పెట్టె మీదేనా అని మాత్రమే, అనుమతి మాత్రం మనం తీసివేసేదాకా అలాగే ఉంటుంది. మాకు తెలిసిన ఒక ఆర్కిటెక్టు కార్యాలయం ఈ ఏడు రోజులనే గడువు అనుకొని ఆరు నెలలు నడిపింది.

గూగుల్‌లో జాగ్రత్త పడవలసిన మరో చోటు లింకు. మనిషికి తేదీ పెట్టి, అదే ఫోల్డరుకు "లింకు ఉన్న ఎవరైనా" అని కూడా ఎవరో పెట్టి ఉంటే, తేదీ తీరాక ఆ మనిషి పాత మెయిలులోని లింకు నొక్కి యథావిధిగా లోపలికి వస్తాడు. వాట్సాప్‌లో త్వరగా పంపాలన్న తొందరలో ఇలా పెట్టడం సైటు ఇంజినీర్లకు అలవాటు. బయటివారి ఫోల్డర్లు ఉన్న డ్రైవ్‌లో ఈ రకం లింకులు వీలు కాకుండా అడ్మిన్ ముందే ఆపివేయాలి.

లోపలే కూర్చుని పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగులు

ఆరు నెలలు, పదకొండు నెలలు అని ఏజెన్సీ పేరోల్ మీద వచ్చి, మన దగ్గరే కూర్చుని పనిచేసేవారి సంగతి వేరు. వారికి పది ఫోల్డర్లు, మూడు సాధనాలు, ఒక మెయిలు కావాలి, కాబట్టి అతిథిగా ఉంచడం కుదరదు. వారికి మన డొమైన్‌లోనే ఖాతా ఇచ్చి, ఖాతాకే గడువు పెట్టాలి. ఇక్కడ చాలామందికి తెలియని ఒక లోపం ఉంది.

ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో సిస్టమ్స్ పని చూసే మా పిన్ని కొడుకు దీనిని అనుభవపూర్వకంగా తెలుసుకున్నాడు. వారి దగ్గర ఉద్యోగుల ఖాతాలు ముందు కార్యాలయం సర్వరులోని యాక్టివ్ డైరెక్టరీలో తయారై, అక్కడి నుంచి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ అయిన ఎంట్రాకు సింక్ అవుతాయి. కాంట్రాక్టు ఉద్యోగి ఖాతాలో ముగింపు తేదీ ఒక శుక్రవారానికి పెట్టారు. సోమవారం ఆ ఉద్యోగి కార్యాలయం కంప్యూటరులోకి లాగిన్ కాలేకపోయాడు, కానీ ఫోనులో టీమ్స్, షేర్‌పాయింట్ ఫైళ్లు అన్నీ తెరుచుకుంటూనే ఉన్నాయి. కారణం ఏమిటంటే, యాక్టివ్ డైరెక్టరీలోని ఖాతా ముగింపు తేదీ ఎంట్రాకు సింక్ కాదు. పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ పద్ధతి వాడే చోట క్లౌడ్ తనంతట తానే పాస్‌వర్డును సరిచూసుకుంటుంది కాబట్టి, ఆ తేదీ అనేది ఒకటి ఉందన్న సంగతే దానికి తెలియదు. ఖాతాను డిసేబుల్ చేసిన సంగతి మాత్రం సింక్ అవుతుంది. అందువల్ల తేదీ తీరిన ఖాతాలను వెతికి డిసేబుల్ చేసే ఆదేశాన్ని రోజూ రాత్రి దానంతట అదే నడిచేటట్లు పెట్టుకోవాలి:

```
Search-ADAccount -AccountExpired -UsersOnly | Disable-ADAccount
```

మా వాడు ఇప్పుడు దీనిని రాత్రి పన్నెండున్నరకు నడుపుతున్నాడు. ఖాతాలు క్లౌడులోనే పుట్టే సంస్థలకు, ఎంట్రాలోని యాక్సెస్ ప్యాకేజీలు ఇంకా శుభ్రమైన మార్గం. ఫోల్డర్లు, బృందాలు, సాధనాలు ఒక కట్టగా కట్టి, ఆ కట్టను తేదీతో ఇవ్వవచ్చు. అతిథికి ఉన్న చివరి కట్ట తీరిపోతే, వేరే మార్పు చేయనంతవరకు, అతని లాగిన్ ఆగిపోయి ముప్పై రోజుల తర్వాత ఖాతా కూడా డైరెక్టరీ నుంచి తొలగుతుంది. దీనికి అదనపు లైసెన్సు కావాలి. ఇరవై రెండు మంది ఉన్న మా కార్యాలయానికి అది అవసరం లేదని నిర్ణయించాము, నెలకు పదిహేను, ఇరవై మంది బయటివారు వచ్చిపోయే సంస్థ అయితే నేను దీనినే ఎంచుకుంటాను.

కోడు రాసే సంస్థలకు ఒక మాట. గిట్‌ల్యాబ్‌లో సభ్యుణ్ణి చేర్చేటప్పుడే ముగింపు తేదీ అడుగుతుంది, ఇది సభ్యత్వానికి కట్టే గడువు. తేదీని ప్రాజెక్టు స్థాయిలో పెట్టి, ఆ మనిషిని పై గ్రూపులో కూడా ఎవరో చేర్చి ఉంటే, ప్రాజెక్టు సభ్యత్వం తీరినా పై నుంచి వచ్చే సభ్యత్వం పనిచేస్తూనే ఉంటుంది. గిట్‌హబ్‌లో బయటి సహకారికి ఇలాంటి తేదీ లేదు. అక్కడ ఏడు రోజులలో తీరేది ఆహ్వానం మాత్రమే. కాన్‌ఫ్లుయెన్స్‌లో అతిథి ఒకే ఒక్క స్పేస్‌కు పరిమితం అవుతాడు కాబట్టి ఫోల్డరు పరిమితి గట్టిగానే ఉంటుంది, తేదీని మాత్రం మనమే గుర్తుంచుకోవాలి.

మా ముగ్గురికి ఎలా ఇచ్చాము

మేము ఇటీవల బెల్లందూరులో మొదలుపెట్టిన పనిలో ఈ పద్ధతిని మొదటి నుంచి అమలుచేశాము. పని మార్చి 3న మొదలైంది. డ్రాఫ్ట్స్‌మన్ మే నెలాఖరు దాకా కావాలి, కాంట్రాక్టరు డక్టుల షాప్ డ్రాయింగులు ఆమోదం పొందేదాకా, అంటే సుమారు ఆరు వారాలు కావాలి, ఆడిటరు పని చివర పది రోజులు వస్తారు.

మా ప్రధాన స్థలంలో `02_Drawings`, `04_Site`, `05_Rates` వంటి ఫోల్డర్లు ఉంటాయి, వాటిలోకి ఈ ముగ్గురిలో ఎవరూ రారు. కాంట్రాక్టరు కోసం ఒక సైటు తయారుచేసి దానికి 45 రోజులు పెట్టాము. మార్చి 3న ఇచ్చిన ప్రవేశం ఏప్రిల్ 17న తీరుతుంది. అందులో రెండే ఫోల్డర్లు ఉంటాయి. `EXT_Issued` ఫోల్డరులో మేము జారీచేసిన డ్రాయింగుల పీడీఎఫ్‌లు ఉంటాయి, అది చూడడానికి మాత్రమే. `EXT_From_AC` ఫోల్డరులో ఆయన తన షాప్ డ్రాయింగులు పెడతారు, అది మార్చడానికి. పేరు ముందు `EXT` అని ఉంచడానికి కారణం ఉంది. బయటివారి ఫోల్డరులో పెట్టిన ఫైలు ఆ క్షణమే బయటికి కనిపిస్తుంది, ఆ సంగతి ఫైలు లాగి వదిలే మా జూనియరుకు పేరులోనే తెలియాలి.

డ్రాఫ్ట్స్‌మన్‌కు రెండో సైటు, దానికి 90 రోజులు, అంటే జూన్ 1 దాకా. ఆయన అసలు డ్రాయింగ్ ఫైళ్లలో పనిచేస్తారు కాబట్టి మార్చే అనుమతి తప్పదు. అయితే ఆయనకు ఇచ్చింది ఆ అంతస్తు పని ఫైళ్ల నకలు, రోజూ సాయంత్రం మా సీనియర్ డిజైనరు వాటిని చూసి ప్రధాన ఫోల్డరులోకి తీసుకుంటారు. ఇందులో రోజుకు పావుగంట అదనపు శ్రమ ఉందని నేను దాచను. ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి మార్చవలసిన పనులలో ఈ నకలు పద్ధతి నిలవదు, అలాంటి చోట ఆ ఒక్క పని ఫోల్డరును పూర్తిగా బయటి సైటులోనే ఉంచి, మన డిజైనర్లే అక్కడికి వెళ్లి పనిచేయడం మంచిది.

ఏప్రిల్ 10 నాటికే కాంట్రాక్టరు పని పది రోజులు ఆలస్యమవుతుందని తెలిసింది. సైటు అమరికలలో `Site permissions` కింద `Guest Expiration` దగ్గర ఆయన గడువు పెంచాము. పెంచేటప్పుడు మనకు నచ్చిన తేదీ ఇవ్వలేము, మళ్లీ ఆ సైటుకు పెట్టిన పూర్తి వ్యవధి వస్తుంది. పది రోజులు అడిగితే నెలన్నర దొరికింది. అందుకే ఆమోదం పూర్తయిన రోజున నేను ఆయన ప్రవేశాన్ని చేత్తోనే తీసివేశాను. ఇలాంటి పొడిగింపులు తరచుగా వచ్చే కార్యాలయాలు మనిషికొక తేదీ పెట్టగలిగే గూగుల్ వైపు మొగ్గడం న్యాయమే.

పది రోజుల ఆడిటరుకు షేర్‌పాయింట్ గడువు సరిపోదని ముందే చెప్పాను. ఆయనకు కొలతల షీట్లు ఉన్న ఒక్క ఫోల్డరును పేరుతో షేర్ చేసి, చూడడానికి మాత్రమే అనుమతి ఇచ్చి, పదకొండో రోజు ఉదయం తీసివేయవలసిన పనిగా మా ప్రాజెక్టు క్యాలెండరులో నా పేరునా, మా అకౌంటెంటు పేరునా, ఇద్దరి పేర్లతో రాసి ఉంచాము. ఒక్కరి పేరుతో రాస్తే ఆ రోజు ఆ ఒక్కరూ సెలవులో ఉండవచ్చు.

మూతపడిందో లేదో ఎలా తెలుసుకోవాలి

అడ్మిన్ ఖాతాతో చూస్తే ప్రతి ఫోల్డరూ తెరుచుకుంటుంది, కాబట్టి ఆ ఖాతాతో చేసే పరీక్షకు విలువ లేదు. సంస్థతో సంబంధం లేని ఒక జీమెయిల్ ఖాతాను పరీక్ష కోసమే ఉంచుకుని, ప్రతి బయటి సైటులోనూ దానిని అసలు అతిథితో సమానంగా, అదే రోజున, అదే అనుమతితో చేర్చండి. బ్రౌజరు ప్రైవేట్ విండోలో ఆ ఖాతాతో లోపలికి వెళ్లి, ఇచ్చిన ఫోల్డరు తెరుచుకుంటుందో లేదో చూడడంతో ఆగకుండా, ఇవ్వని ఫోల్డరు చిరునామాను నేరుగా అతికించి చూడండి, పేరుతో వెతికి కూడా చూడండి. మెనూలో కనిపించని ఫోల్డరు వెతికినప్పుడు దొరికితే అనుమతి ఉన్నట్లే.

ఒక మనిషి ఏ దారిన వస్తున్నాడో తెలుసుకోవడానికి షేర్‌పాయింట్ అధునాతన అనుమతుల పేజీలో `Check Permissions` అనే బటన్ ఉంది. అతిథి ఈమెయిలు ఇస్తే ఏ స్థాయి అనుమతి, ఏ గుంపు ద్వారా లేదా నేరుగా వచ్చిందో చూపిస్తుంది. అక్కడ రెండు వరుసలు కనిపిస్తే రెండు దారులు ఉన్నట్లు, అందులో ఏదో ఒకదానికి తేదీ లేకపోవచ్చు.

గడువు తీరిన మరునాడు ఈ పరీక్ష ఖాతాతోనే మూడు చోట్ల ప్రయత్నించాలి: మొదట ఇచ్చిన ఆహ్వానం మెయిలులోని లింకు, మధ్యలో ఎవరైనా పంపిన విడి ఫైలు లింకు, ఫోనులో ముందే లాగిన్ అయి ఉన్న యాప్. గడువు తీరిన నిమిషంలోనే చూడకండి, ముందే తెరిచి ఉన్న సెషన్ సుమారు గంటసేపు కొనసాగవచ్చు. బెల్లందూరు పనిలో కాంట్రాక్టరు ప్రవేశం తీసివేసిన మరునాడు మొదటి లింకు, యాప్ రెండూ మూతపడ్డాయి, రెండో లింకు తెరుచుకుంది. మా సైటు ఇంజినీరు ఒక డక్టు డ్రాయింగును ప్రధాన ఫోల్డరు నుంచే, లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేటట్లు, ఆయన మెయిలుకు పంపి ఉన్నాడు, ఆ లింకు సంగతి కాంట్రాక్టరు సైటు గడువుకు తెలియదు. దానిని తీసివేశాక, ప్రధాన ప్రాజెక్టు సైటులో బయటివారితో షేరింగునే పూర్తిగా ఆపివేశాము. ఇప్పుడు అక్కడి నుంచి ఎవరైనా బయటి మెయిలుకు షేర్ చేయబోతే కుదరదని తెర మీదే వస్తుంది, ఫైలును `EXT_Issued`లో పెట్టక తప్పదు.